వెతకడానికి ముందే మార్కులు

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడల్లో ఉండే మధ్యతరహా కంపెనీ నుంచి కన్సల్టెన్సీకి వచ్చే జేడీ సాధారణంగా ఇలా ఉంటుంది: ‘అకౌంట్స్ మేనేజర్ కావాలి. 8–10 ఏళ్ల అనుభవం. సీఏ అయితే మంచిది. జీఎస్టీ, టీడీఎస్, ఎంఐఎస్ క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. మంచి కమ్యూనికేషన్, చొరవ, ఒత్తిడిని తట్టుకునే తత్వం ఉండాలి. అర్జెంట్.’ ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ ఇది చదివి ఇద్దరు రిక్రూటర్లు వెతికితే ఇద్దరూ రెండు రకాల మనుషుల్ని తెస్తారు. కంపెనీ ఎండీ, ఫైనాన్స్ చూసే ఆయన కొడుకు చదివితే వాళ్ల మనసులోనూ ఇద్దరు వేర్వేరు మనుషులే మెదులుతారు.

ఈ జేడీ చేతికొచ్చిన రిక్రూటర్‌కు రెండు దార్లున్నాయి. ఇందులోని మాటల్నే నౌకరీ సెర్చ్‌లో కొట్టి, సాయంత్రానికి పది రెజ్యూమెలు పంపించడం ఒకటి. జేడీని తనకు అర్థమైన తీరులో మార్కుల పట్టికగా తిరగరాసి, ‘ఇదేనా మీక్కావలసింది?’ అని క్లయింట్‌ను అడిగి, జవాబు వచ్చాకే వెతకడం రెండోది. రెండో దారి పనికొస్తుందా, ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. ఆ పట్టికలో అంకెల కన్నా అంకె పక్కన రాసే సాక్ష్యానికే విలువ ఎక్కువని నా అభిప్రాయం. చాలామంది అంకెలు రాసి సాక్ష్యం రాయరు. అందుకే వాళ్ల పట్టిక కూడా జేడీ లాగే మిగిలిపోతుంది.

మొదటి దారికి అంత గిరాకీ ఎందుకో ముందు చూద్దాం. మన దగ్గర ఎక్కువ నియామకాలకు ఫీజు మనిషి చేరాకే వస్తుంది. సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత, బాగా వాడుకలో ఉన్న రేటు. అదే జేడీ మరో ముగ్గురు కన్సల్టెంట్ల చేతిలోనూ ఉంటుంది. ఎవరి రెజ్యూమె ముందు చేరితే ఆ అభ్యర్థి వాళ్ల ఖాతాలో పడతాడు. ఇలాంటి చోట ఒక పూట కూర్చుని క్లయింట్‌కు ఉత్తరం రాయడమంటే, పోటీవాడికి ఒక పూట అప్పగించినట్టే అనిపిస్తుంది. ఈ లెక్కలో కొంత నిజముంది. కానీ పంపిన పది రెజ్యూమెల్లో తొమ్మిదింటికి ‘నాట్ సూటబుల్’ అని కారణం చెప్పని జవాబొచ్చాక మళ్లీ మొదటినుంచి వెతికే రోజుల్ని ఆ లెక్కలో ఎవరూ కలపరు.

పరిశోధనలు దీనిమీద నేరుగా కాకపోయినా దగ్గరదగ్గరగా చాలానే చెప్పాయి. అన్నిటికన్నా గట్టిది 2005లో ఉల్‌మన్, కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం. పోలీస్ చీఫ్ పదవికి ఒక మగ, ఒక ఆడ అభ్యర్థి వివరాలు ఇచ్చి ఎవరు తగినవారో తేల్చమన్నారు. మగ అభ్యర్థికి చదువు ఉన్నట్టు చూపినప్పుడు జనం ఆ ఉద్యోగానికి చదువే ముఖ్యమన్నారు. అతనికి అది లేనట్టు చూపినప్పుడు చదువుకిచ్చే ప్రాధాన్యం తగ్గించేశారు. అంటే ముందు మనిషిని ఎంచుకుని, తర్వాత కొలతను అతనికి తగ్గట్టు సవరించారు. పైగా తాము న్యాయంగానే తీర్పు చెప్పామన్న నమ్మకంతో ఆ పని చేశారు. అభ్యర్థులెవరో తెలియకముందే ఏ గుణం ఎంత ముఖ్యమో చెప్పించినప్పుడు ఆ పక్షపాతం పోయింది. రిక్రూటర్ ఉత్తరం వెతకడానికి ముందే ఎందుకు వెళ్లాలో దీనికన్నా సూటిగా చెప్పే ఆధారం నాకు తెలియదు. మొదటి రెజ్యూమె క్లయింట్ కంటబడ్డాక అదే పట్టిక పంపితే, ఆయన ఇచ్చే మార్కులు ఆ మొదటి మనిషి చుట్టూ తిరుగుతాయి.

‘8–10 ఏళ్ల అనుభవం’ అన్న మాట కూడా ఈ వెలుగులో తేలిపోతుంది. ఎంపిక పద్ధతుల్లో ఏది పనితీరును ముందే చెప్పగలదో లెక్కలు కట్టిన ష్మిట్, హంటర్ల 1998 సమీక్షలో అనుభవపు ఏళ్లకు దక్కిన సహసంబంధం 0.18 మాత్రమే. ఆ లెక్కల్ని 2022లో సవరించిన సాకెట్ బృందం దాన్ని 0.07కి దించింది. అందరినీ ఒకే ప్రశ్నలడిగి, ఒకే కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకు అదే సవరణలో 0.42 వచ్చింది. అనుభవం పనికిరాదని దీని అర్థం కాదు. ఏళ్ల సంఖ్య అనుభవానికి సరైన కొలత కాదని మాత్రమే. పదేళ్లు ఒకే రిజిస్టర్ రాసినవాడికీ, ఆరేళ్లలో మూడు కంపెనీల లెక్కలు నిలబెట్టినవాడికీ తేడా ఆ సంఖ్యలో కనబడదు.

ఇక ఉత్తరం దగ్గరికి వద్దాం. పైన చూపిన జేడీకే ఒక నమూనా కేసు అల్లుకుందాం. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ, అకౌంట్స్ విభాగంలో ముగ్గురు జూనియర్లు, పాత మేనేజర్ వెళ్లిపోయి రెండు నెలలైంది. ఉత్తరానికి ముందు ఫోన్లో ఒక ప్రశ్న అడగాలి: ‘పాత మేనేజర్ ఉన్నప్పుడు ఏ పని జరిగితే మీరు నిశ్చింతగా ఉన్నారు? ఏది జరగనప్పుడు మీకు కోపం వచ్చింది?’ 1954లో ఫ్లానగన్ రాసిపెట్టిన కీలక సంఘటనల పద్ధతికి ఇది ఇంటివాడుక రూపం. గుణాలు చెప్పమంటే క్లయింట్ ‘చొరవ’ అంటారు. జరిగిన సంగతి చెప్పమంటే, ‘సప్లయర్ రిటర్న్ వేయలేదు, మాకు క్రెడిట్ ఆగిపోయింది, మూడు నెలల దాకా ఎవరూ చూడలేదు’ అంటారు. చొరవ అంటే ఈ కంపెనీలో ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఆ ఫోను తర్వాత వెళ్లే ఉత్తరంలోని మొదటి భాగం ఇలా ఉండొచ్చు:

‘సార్, నమస్తే. నిన్న మీరు చెప్పినదాన్ని బట్టి ఈ ఉద్యోగం నాకు అర్థమైన తీరు రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి, దిద్దాకే వెతకడం మొదలుపెడతాను. వచ్చే మనిషి మొదటి ఆరు నెలల్లో మూడు పనులు చేసి చూపించాలి. నెల లెక్కలు తర్వాతి నెల 7వ తేదీకల్లా ముగించాలి. ఆగిన ఇన్‌పుట్ క్రెడిట్ రాబట్టి, మళ్లీ ఆగకుండా చూడాలి. బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ గడువు దాటకుండా పంపాలి. తప్పనిసరి అనుకున్నవి మూడే పెట్టాను: జీతం 14 లక్షల లోపు, 60 రోజుల్లో చేరగలగడం, వారానికి ఆరు రోజులు ఫ్యాక్టరీ నుంచే పని. సీఏను తప్పనిసరిలో పెట్టలేదు, ఎందుకో కింద రాశాను. మిగతావి మార్కుల్లో ఉన్నాయి.’

ఇందులో ‘తప్పనిసరి’కీ ‘మార్కులకీ’ మధ్య గీసిన గీతే అసలు పని. తప్పనిసరి అంటే, అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా మనిషిని వద్దనుకునేది. దాన్ని పరీక్షించే ప్రశ్న ఒక్కటే: ‘మిగతా అన్నిటిలో బ్రహ్మాండంగా ఉండి, ఇది ఒక్కటి లేని మనిషి రేపు మీ ఎదుట కూర్చుంటే వెనక్కి పంపేస్తారా?’ క్లయింట్ తడబడితే అది తప్పనిసరి కాదు, మార్కుల్లోకి పోవాలి. ఈ గీత ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. ఒక్కో షరతు సగం మందిని ఆపుతుందనుకుందాం. ఐదు షరతులు పెడితే వందమందిలో ముగ్గురు మిగులుతారు. నిజంలో షరతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క అంత కచ్చితంగా రాదు. కానీ ‘మంచివాళ్లు దొరకట్లేదండీ’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇలాంటి ఐదో షరతు ఉంటుంది. 60 రోజుల షరతునే చూడండి. 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్న కంపెనీల వాళ్లంతా దానితో పోతారు. మిగిలిన రోజుల జీతం కట్టి మనిషిని విడిపించుకోవడానికి క్లయింట్ సిద్ధమైతే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఈ ఎంపిక ఆయనదే, కానీ తాను ఎంపిక చేస్తున్నానని ఆయనకు తెలియాలి.

సీఏ సంగతీ అంతే. అమెరికాలో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ హైస్కూల్ డిప్లొమా ఉంటేనే మెరుగైన విభాగాల్లోకి తీసుకునేది. 1971లో గ్రిగ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పనితో సంబంధం చూపలేని అలాంటి అర్హత నల్లవారిని అడ్డుకుంటున్నప్పుడు చెల్లదంది. మన దగ్గర ఆ తీర్పు వర్తించకపోయినా అందులోని ప్రశ్న వర్తిస్తుంది: ఈ పట్టా ఏ పనికి కావాలి? బయటి ఆడిటర్ ఎలాగూ సంతకం పెడతారు. లోపల కావలసింది రోజువారీ లెక్కలు నడిపే చెయ్యి. 14 లక్షల్లో కొత్త సీఏ రావచ్చు, కానీ బ్యాంకుతో, సప్లయర్లతో ఇదివరకు నెగ్గుకొచ్చిన సీఏ రావడం కష్టం. ఉత్తరంలో ఈ నాలుగు వాక్యాలు రాస్తే చాలు, నిర్ణయం క్లయింట్ చేస్తారు.

మార్కుల భాగంలో ఐదు అంశాలున్నాయి: నెల లెక్కల ముగింపు, జీఎస్టీ సరిపోల్చడం, బ్యాంకు పని, జూనియర్లను నడిపించడం, నోటీసులకు జవాబు రాయడం. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. మొదటి రెండిటి బరువు మూడేసి, బ్యాంకు పనిది రెండు, చివరి రెండిటివి ఒక్కొక్కటి. మొత్తం 30. బరువుల్ని క్లయింట్ చేతనే పంచించాలి, అదీ పది బరువులే ఇచ్చి. పరిమితి లేకపోతే ప్రతిదీ ‘చాలా ముఖ్యం’ అవుతుంది.

అయితే సున్నా అంటే ఏమిటి, మూడు అంటే ఏమిటి? ఇక్కడ రాయాల్సింది రాయకపోతే పట్టికంతా అలంకారమే. జీఎస్టీ అంశాన్ని దగ్గరగా చూద్దాం. నెలవారీ రిటర్న్ వేసే సప్లయర్ తన అమ్మకాల వివరాలు జీఎస్‌టీఆర్-1లో 11వ తేదీలోగా ఇవ్వాలి. 14న మన పోర్టల్‌లో జీఎస్‌టీఆర్-2బి తయారవుతుంది. 20లోగా మనం 3బి వేయాలి. 2బిలో కనబడని ఇన్వాయిస్‌పై క్రెడిట్ తీసుకోవడానికి లేదు. అంటే ఈ పని చేసే మనిషికి నెలలో 14 నుంచి 20 దాకా ఉన్న ఆ కొద్ది రోజులే కీలకం. కాబట్టి రిక్రూటర్ ఫోన్లో అడగాల్సింది ‘జీఎస్టీ తెలుసా?’ అని కాదు, ‘పోయిన నెల 14 నుంచి 20 దాకా మీరేం చేశారు?’ అని.

జవాబులు దాదాపు నాలుగు రకాలుగా వస్తాయి, వాటినే మార్కులుగా ఉత్తరంలో రాయాలి. ‘మా కన్సల్టెంట్ చూసుకుంటారు’ అంటే సున్నా. ‘జూనియర్ 2బి దించి ఎక్సెల్‌లో పోల్చి ఇస్తాడు, నేను చూస్తాను’ అంటే ఒకటి. తేడా వచ్చిన సప్లయర్ల జాబితా తీసి తానే ఫోన్లు చేస్తానంటే రెండు. ఇన్వాయిస్ 2బిలో పడేదాకా సప్లయర్‌కు పన్ను భాగం ఆపే ఏర్పాటు పెట్టానని, పోయిన నెల ఎంత తేడా మిగిలిందో అంకెతో సహా చెప్పగలిగితే మూడు. రిక్రూటర్‌కు అకౌంట్స్ లోతుగా రాకపోయినా ఈ నాలుగు జవాబుల మధ్య తేడా పట్టుకోగలడు. క్లయింట్ కూడా చదివి, ‘మా దగ్గర పన్ను భాగం ఆపడం కుదరదు, సప్లయర్లు ఊరుకోరు, రెండు మార్కుల జవాబు చాలు’ అని దిద్దగలరు. అలా దిద్దితే ఉత్తరం పని చేసినట్టే.

‘మంచి కమ్యూనికేషన్’కి పట్టికలో చోటు లేదని గమనించే ఉంటారు. ఫోన్లో అడిగితే, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడటం, డిపార్ట్‌మెంట్ నోటీసుకు తప్పుల్లేకుండా జవాబు రాయడం అని తేలింది. ఆ రెండూ పై అంశాల్లోకి వెళ్లిపోయాయి. మళ్లీ విడిగా పెడితే ఒకే గుణానికి రెండుసార్లు మార్కులు పడతాయి, చక్కగా మాట్లాడేవాడు అవసరానికి మించి పైకి లేస్తాడు.

ఇప్పుడు ముగ్గురు అభ్యర్థుల్ని ఈ పట్టికలో పెడదాం. మొదటాయన సీఏ, పదేళ్లు పెద్ద కంపెనీలో చేశారు. లెక్కల ముగింపులో 2, జీఎస్టీలో 1, బ్యాంకులో 0, జూనియర్ల విషయంలో 3, నోటీసుల్లో 3. బరువులతో కలిపితే 15. రెండో ఆమె బీకాం చేసి సీఏ ఇంటర్ దగ్గర ఆగారు, ఇంతే సైజు కంపెనీలో ఏడేళ్లు చేశారు. మార్కులు వరుసగా 3, 3, 2, 1, 1. మొత్తం 24. మూడో ఆయనకు 3, 2, 3, 2, 1. ఆయనకూ 24. పాత జేడీ ప్రకారమైతే మొదటాయన రెజ్యూమె పైన ఉండేది, రెండో ఆమెది ఏడేళ్లే కాబట్టి సెర్చ్‌లోనే రాలిపోయేది.

ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి? 15కీ 24కీ ఉన్న తేడాను నమ్మొచ్చు. 24, 24 మధ్య పట్టిక ఏమీ చెప్పలేదు. ఒకరికి 25 వచ్చి ఉన్నా చెప్పినట్టు కాదు, ఎందుకంటే ఒక్క జవాబును ఒక మెట్టు అటో ఇటో వేస్తే మూడు మార్కుల దాకా మారతాయి. రాబిన్ డాస్ 1979లో చూపించిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి: సరైన అంశాలు ఎంచుకుంటే, అన్నిటికీ సమాన బరువు ఇచ్చినా అంచనా ఆశ్చర్యపోయేంత బాగా వస్తుంది. మన ముగ్గురికీ బరువులు తీసేసి చూస్తే 15కి 9, 10, 11 వస్తాయి. వరుసలో మొదటాయన అట్టడుగునే ఉన్నారు, కానీ దూరం బాగా తగ్గింది. బరువు మారగానే మనుషులు ఇంత దగ్గరవుతున్నారంటే, ఆ బరువు మీద క్లయింట్‌తో మరోసారి మాట్లాడాలని అర్థం. ఈ కేసులో జీఎస్టీకి, లెక్కల ముగింపుకు మూడేసి ఇచ్చింది రెండు నెలలుగా వాటితోనే అవస్థ పడుతున్న మనిషి. కాబట్టి అవి నిలుస్తాయి. అయితే 17.5 శాతం, 12.5 శాతం అంటూ బరువులు పంచే పట్టికలు చూస్తుంటాం. అంత సూక్ష్మం ఫోన్ జవాబులు మోయలేవు.

పట్టిక అంటే మనిషిని అంకెల్లో బంధించడమేనన్న అభ్యంతరం పాతదే. దానికి డానియల్ కానెమన్ అనుభవం మంచి జవాబు. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో 21 ఏళ్ల లెఫ్టినెంట్‌గా ఆయన కొత్తవాళ్ల ఇంటర్వ్యూ పద్ధతి మార్చారు. ఆరు గుణాలు, ఒక్కోదాన్నీ విడిగా అడిగి వెంటనే మార్కు వేయాలి, మొత్తం మీద అభిప్రాయం వద్దన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తమను యంత్రాలు చేస్తున్నారని గొడవపెట్టారు. దాంతో ఆరూ అయ్యాక కళ్లు మూసుకుని ఆ కుర్రాణ్ని సైనికుడిగా ఊహించి ఒక మార్కు వేయమన్నారు. తర్వాత చూస్తే ఆరు మార్కుల మొత్తం ఎంత పనికొచ్చిందో ఆ చివరి మార్కూ అంతే పనికొచ్చింది. అంతర్బుద్ధికి చోటుంది, అయితే విడివిడి మార్కులు పూర్తయ్యాకే. అందుకే ఉత్తరం చివర, ‘ఇంటర్వ్యూ ముగిశాక మీ మనసుకు ఏమనిపించిందో విడిగా ఒక మార్కు వేయండి, దాన్ని మొత్తంలో కలపను’ అని ఒక గడి ఉంచడం మంచిది.

రాయని షరతుల సంగతి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అయినా దాటేయకూడదు. ఫోను చివర్లో గొంతు తగ్గించి, ‘లేడీస్ వద్దండీ, రాత్రి దాకా ఉండాల్సి వస్తుంది’ అంటారు. నియామకంలో ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. రిక్రూటర్ దాన్ని చెవిన వేసుకుని మౌనంగా పాటిస్తే తప్పులో భాగస్వామి అవుతాడు. ఉత్తరంలో దాన్ని పనిగా మార్చి రాయాలి: ‘నెలాఖరు తర్వాత మూడు సాయంత్రాలు 8 గంటల దాకా ఉండాలి, ఇంటికి కంపెనీ వాహనం ఉంటుంది. ఇది అభ్యర్థులందరికీ చెబుతాను, కుదరదన్నవాళ్లు వాళ్లే తప్పుకుంటారు.’ కాగితం మీద పెట్టలేని షరతు చాలాసార్లు ఇలా కాగితం మీద పెట్టగల పనిగా మారుతుంది. మారనిది ఉంటే అలాంటి షరతుతో వెతకలేనని రాయాలి. మన రెండో అభ్యర్థి ఆడమనిషి అన్నది మర్చిపోవద్దు.

ఉత్తరం దెబ్బతినే చోట్లలో మొదటిది క్లయింట్ జవాబే. అయిదు నిమిషాల్లో ‘ఓకే, ప్రొఫైల్స్ పంపండి’ అని వస్తే ఆయన చదవలేదని గ్రహించాలి. నిజంగా చదివినవాళ్లు ఏదో ఒకటి దిద్దుతారు. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం, పేర్లు, కంపెనీలు తీసేసిన రెండు నమూనా ప్రొఫైళ్లు జతచేసి, ‘వీటికి మీరూ, ఫైనాన్స్ చూసే మీ అబ్బాయిగారూ విడివిడిగా మార్కులేసి పంపండి’ అని అడగడం. ఎండీ బ్యాంకు పనికి 3 వేసి, కొడుకు 1 వేస్తే, గొడవ అభ్యర్థి గురించి కాదు, ఉద్యోగం గురించే. అది వెతకడానికి ముందు బయటపడితే ఒక ఫోనుతో తీరుతుంది. మూడో రౌండ్ ఇంటర్వ్యూ తర్వాత బయటపడితే అభ్యర్థి బలవుతాడు.

రెండోది మధ్యలో కొలత మారడం. నలుగురిని చూశాక, ‘ఫార్మా అనుభవం ఉంటే బాగుండేది’ అంటారు. అది నిజంగా కొత్తగా తెలిసిన అవసరం కావచ్చు, కళ్లెదుటి మనిషి నచ్చకపోవడానికి వెతుక్కున్న కారణమూ కావచ్చు. తేల్చే మార్గం ఉంది. కొత్త అంశాన్ని పట్టికలో చేర్చి, దానికి బరువు ఎక్కడినుంచి తీయాలో క్లయింట్‌నే అడిగి, అంతకుముందు చూసిన నలుగురికీ మళ్లీ మార్కులు వేయాలి. నిజమైన అవసరమైతే ఆయన బరువు తీసి ఇస్తారు. సాకు అయితే అక్కడితో వదిలేస్తారు.

పట్టికకు అందని ఉద్యోగాలూ ఉన్నాయి. కంపెనీలో ఇంతకు ముందు లేని పదవికి, ఉదాహరణకు తొలిసారి ఎగుమతుల విభాగం పెట్టేటప్పుడు, ఏ సంఘటన అడిగినా క్లయింట్ దగ్గర జవాబుండదు. అక్కడ మార్కులు రాయడం ఊహకు అంకెలు తగిలించడమే. అదే పని వేరేచోట చేస్తున్న ముగ్గురితో క్లయింట్‌ను మాట్లాడించి, తర్వాత పట్టిక రాయడం మేలు. అలాగే రిక్రూటర్ ఫోన్లో తేల్చగలిగేవి కొన్నే. జూనియర్లను నడిపించే తీరు, నోటీసుకు జవాబు రాసే తీరు ఫోన్లో తెలియవు. ఏ మార్కు ఎవరు వేస్తారో, రిక్రూటర్ వేసింది ఏదో, ఇంటర్వ్యూలో క్లయింట్ వేయాల్సింది ఏదో పట్టికలో పక్కనే రాసి ఉంచాలి. నోటీసు అంశానికైతే పేర్లు తీసేసిన పాత నోటీసు ఒకటి ఇచ్చి అరగంటలో జవాబు రాయించవచ్చు.

మనిషి చేరాక ఆ పట్టికను పారేయకూడదు. చాలా ఒప్పందాల్లో 90 రోజుల లోపు మనిషి వెళ్లిపోతే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టే షరతు ఉంటుంది కాబట్టి, రిక్రూటర్ ఎలాగూ ఆ గడువు దాకా ఫోన్ చేస్తూనే ఉంటాడు. ఆరో నెలలో ఇంకొక్క ఫోను చేసి ఐదు అంశాల్లో ఇప్పుడెన్ని మార్కులు వేస్తారో క్లయింట్‌ను అడిగి, మొదట వేసిన వాటి పక్కన రాసుకోవాలి. ఫోన్లో 3 వచ్చిన జీఎస్టీ పనిలో 1గా తేలితే, 14 నుంచి 20 దాకా ఏం చేశారన్న ప్రశ్నకు తోడు ఇంకో ప్రశ్న కావాలి. పోయిన నెల తేడాల షీటును, పేర్లు కప్పేసి, చూపించమనడం లాంటిది. తర్వాతి అకౌంట్స్ మేనేజర్ కోసం రాసే ఉత్తరంలో అది చేరుతుంది.